సాంబారు కవరు తీసేసి వేడి ఇడ్లీ పార్శిల్: ఒక టిఫిన్ సెంటర్ లెక్క

పార్శిల్‌లో ప్లాస్టిక్ తగ్గించాలనగానే అందరి చూపూ చేతిసంచి మీదికి పోతుంది. టిఫిన్ సెంటర్‌లో అసలు పేచీ సంచితో కాదు, సాంబారు కవరుతో. ఇడ్లీని ఆకులో చుట్టొచ్చు, వడను కాగితంలో పెట్టొచ్చు, దోసె ఎలాగైనా ఇంటికి చేరుతుంది. పొగలు కక్కే పలుచటి పులుసును ఏ ఆకూ మోయదు. అందుకే ఈ కేసులో ఎక్కువ భాగం సాంబారు గురించే ఉంటుంది.

తీసుకున్న నమూనా ఇది: విజయవాడ లాంటి ఊళ్లో కాలనీ మలుపు మీద ఒక టిఫిన్ సెంటర్, ఉదయం 6 నుంచి 10:30 దాకా. రోజుకు 120 పార్శిల్ బిల్లులు, వాటిలో మొత్తం 260 ప్లేట్ల ఇడ్లీ. 40 బిల్లులు ఒక్క ప్లేటువి, మిగతా 80 బిల్లులు ఇంటిల్లిపాదికీ తీసుకెళ్లేవి. ప్లేటుకు నాలుగు ఇడ్లీలు, 200 మిల్లీలీటర్ల సాంబారు, కొంచెం చట్నీ. కొనేవాళ్లలో ఎక్కువమంది అరగంట లోపు దూరం వాళ్లే. రేట్లు లెక్క కోసం పట్టుకున్నవి, మీ ఊరి హోల్‌సేల్ రేట్లు వేసుకుంటే మొత్తాలు మారతాయి గానీ లెక్క వేసే తీరు మారదు. ఉష్ణోగ్రతలు కూడా బయట 30 డిగ్రీలు, గాలి నిలకడగా ఉంది అనుకుని కట్టినవి. రెండు వందల రూపాయలకో మూడు వందలకో దొరికే ప్రోబ్ థర్మామీటర్‌తో మీ కౌంటర్ దగ్గర ఓసారి సరిచూసుకోవాలి.

చట్టం సంగతి రెండు మాటల్లో. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు, ట్రేలు నిషేధం. 2022 డిసెంబర్ 31 నుంచి చేతిసంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. బట్టలా కనిపించే నాన్‌వోవెన్ సంచి కూడా ప్లాస్టిక్కే, దాని బరువు చదరపు మీటరుకు కనీసం 60 గ్రాములు, అంటే 60 జీఎస్ఎం ఉండాలి. ‘బట్ట సంచి ఇస్తున్నాం’ అని బోర్డు పెట్టినవాళ్లలో చాలామంది ఇస్తున్నది ఈ నాన్‌వోవెన్‌నే.

కవరు ఎందుకంత బాగా పనిచేస్తుందో ముందు ఒప్పుకోవాలి

సాంబారు కవరు చౌక కాబట్టే అందరూ వాడుతున్నారనుకుంటే సగమే నిజం. వేడి విషయంలో కూడా అది గట్టి పోటీదారు. 200 మిల్లీలీటర్ల సాంబారు పోసి, గాలి లేకుండా మెలితిప్పి, దారం చుట్టి ముడేస్తే అది బంతిలా తయారవుతుంది. ఒకే పరిమాణానికి అతి తక్కువ ఉపరితలం ఉండే ఆకారం బంతే. ఉపరితలం తక్కువైతే వేడి పోయే దారీ తక్కువే. పైన ఖాళీ లేదు కాబట్టి ఆవిరి లేచి మూతకు తగిలి చల్లారే పని కూడా లేదు. 85 డిగ్రీల దగ్గర పోసి కట్టిన బంతి లెక్క ప్రకారం అరగంటకు 68 ప్రాంతంలో ఉంటుంది. అదే 200 మిల్లీలీటర్లను 250 మిల్లీలీటర్ల పేపర్ టబ్బులో పోస్తే అరగంటకు 60 దగ్గరికి వచ్చేస్తుంది. టబ్బు మూత, అడుగు, చుట్టూ గోడ కలిపి ఉపరితలం బంతికన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ.

అంటే కవరు తీసి టబ్బు పెట్టగానే సాంబారు ఎనిమిది డిగ్రీలు చల్లబడి ఇంటికి చేరుతుంది. ‘పేపర్ డబ్బాలో సాంబారు చల్లారిపోతోందండీ’ అనే మాట ఊరికే రాదు. వేడిగా ఉంచాల్సిన ఆహారం 60 డిగ్రీలకు తగ్గకూడదన్నది ఫుడ్ సేఫ్టీ నియమం కూడా. కాబట్టి ఆ ఎనిమిది డిగ్రీలను ఇంకెక్కడైనా సంపాదించాలి. అవి దొరికే చోట్లు రెండున్నాయి, రెండూ పైసా ఖర్చు లేనివే.

మొదటిది: ముందే కట్టి పెట్టే అలవాటు

పొద్దున్న ఐదున్నరకు షట్టర్ సగం ఎత్తి, ఒక కుర్రాడు కూర్చుని వంద కవర్లు కట్టి ప్లాస్టిక్ క్రేట్‌లో పడేయడం చాలాచోట్ల చూస్తాం. రద్దీలో చేతికి అందాలని. కవరు గొప్పదనమంతా అక్కడే ఆవిరైపోతుంది. అరగంట క్రేట్‌లో, అరగంట దారిలో ఉన్న కవరు తిన్న సమయానికి 56 డిగ్రీలకు దిగుతుంది. ఆర్డర్ వచ్చాక 85 దగ్గర పోసిన టబ్బు 60లో ఉంటుంది. అంటే ముందే కట్టిన కవరు కన్నా అప్పుడే పోసిన టబ్బు వేడి. మార్పు మొదలవ్వాల్సింది డబ్బా కొనడంతో కాదు, ఈ క్రేట్ ఎత్తేయడంతో.

అప్పటికప్పుడు పోయాలంటే సాంబారు ఎప్పుడూ 85 పైన ఉండాలి. సన్నటి మంట మీద గిన్నె పెట్టి మూతేయకుండా వదిలేస్తే పైభాగం 70కి దిగుతుంది, అడుగున మాడుతుంది. మరిగే నీళ్ల తొట్టిలో సాంబారు గిన్నె దించి, సగం తెరిచే మూత పెడితే ఈ రెండూ తప్పుతాయి. గంటకోసారి థర్మామీటర్ పెట్టి చూడాలి, అదీ పైనుంచి కాదు, గరిటెతో కలిపి మధ్యలో. 70 దగ్గర పోసిన టబ్బు అరగంటకు 52కి పడిపోతుంది. ఏ ప్యాకింగూ ఆ లోటును పూడ్చలేదు. డబ్బా సరుకు మీద వేలు పోసే ముందు గిన్నెలోని వేడి చూసుకోవాలని పదేపదే చెప్పేది ఇందుకే.

కుళాయి ఉన్న స్టీల్ డ్రమ్ము పెడితే పని తేలికవుతుందని కొందరు కొంటారు. టీకి సరిపోతుంది గానీ సాంబారుకు పనికిరాదు. ములక్కాడ ముక్క, ఉల్లిపాయ అడ్డం పడి కుళాయి మూసుకుపోతుంది, పప్పు అడుగున పేరుకుని మొదట చిక్కగా, చివర నీళ్లలా వస్తుంది. 200 మిల్లీలీటర్ల కొలత గరిటె ఒకటి చేయించుకోవడం మేలు. ఒక్క గరిటె ఒక ప్లేటు. కవరు కట్టేవాడు చేతి అంచనాతో 170 ఒకరికి, 240 ఒకరికి పోస్తాడు, ఆ తేడా కూడా ఇక్కడ ఆగిపోతుంది.

రెండోది: మనిషికొకటి కాదు, ఇంటికొకటి

నాలుగు ప్లేట్లు అడిగితే నాలుగు సాంబారు కవర్లు, నాలుగు చట్నీ కవర్లు వేయడం కవరు పైసల్లో దొరికే రోజుల అలవాటు. ఆ లెక్కనే టబ్బులకు మారిస్తే ఖర్చు పేలిపోతుంది. ఇంటికి వెళ్లాక ఆ నలుగురూ ఒకే గిన్నెలో పోసుకునేదే కదా. 800 మిల్లీలీటర్ల సాంబారును ఒకే పెద్ద టబ్బులో పోస్తే 85 నుంచి అరగంటకు 70 దగ్గరే ఆగుతుంది. కవరు బంతి కన్నా రెండు డిగ్రీలు ఎక్కువ. పోగొట్టుకున్న ఎనిమిది డిగ్రీలు ఇక్కడ వడ్డీతో తిరిగొచ్చాయి. నాలుగు చిన్న టబ్బులు ఒక్కోటి 4 రూపాయలైతే 16, పెద్దది ఒకటి 8 రూపాయలు. వేడి, ఖర్చు రెండూ ఒకే వైపు మొగ్గే సందర్భం ప్యాకింగ్‌లో చాలా అరుదు.

దీనికి టబ్బు సైజులు మూడు చాలు: 250, 500, 1000 మిల్లీలీటర్లు. రెండు ప్లేట్లకు 500, నాలుగింటికి 1000. మూడు ప్లేట్లు 1000లో పోసినా పర్వాలేదు గానీ, ఒక్క ప్లేటును 500లో పోయకూడదు. సగం ఖాళీగా ఉన్న టబ్బులో ఆవిరి లేచి మూతకు చుక్కలు కడుతుంది, బండి మీద ఊగేటప్పుడు సాంబారు అంచు మీదికి ఎగజిమ్ముతుంది. అలాగని అంచుదాకా నింపితే మూత నొక్కగానే పొంగుతుంది. అంచు కింద వేలెడు మందం ఖాళీ వదలాలి.

టబ్బు ఎంపికలో మోసపోయే చోట్లు

పేపర్ టబ్బు అంటే ఒట్టి కాగితం కాదు. లోపల పల్చటి పాలిథిన్ పూత ఉంటుంది, లేకపోతే సాంబారు నిమిషాల్లో అవతలికి వచ్చేస్తుంది. బరువులో కాస్త భాగమే అయినా అది ప్లాస్టిక్కే, ఆ టబ్బు తడిచెత్తలో కుళ్లదు. పేపర్ కప్పులో 85–90 డిగ్రీల ద్రవం 15 నిమిషాలు ఉంటే 100 మిల్లీలీటర్లలోకి దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో లెక్కగట్టారు. అందుకే ఈ కేసులో పేపర్ టబ్బు గమ్యం కాదు, గిన్నె తేనివాళ్లకు మాత్రమే ఇచ్చేది. దీన్ని ‘ప్లాస్టిక్ లేని ప్యాకింగ్’ అని బోర్డు మీద రాయకూడదు.

మరి కంపోస్టబుల్ కవర్లు వాడొచ్చు కదా అంటారు. వేడి సాంబారుకు అంతకన్నా తప్పు ఎంపిక లేదు. వాటిలో కొన్నింటికి వాడే పీఎల్ఏ అనే పదార్థం 55–60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అందులో 85 డిగ్రీల పులుసు పోస్తే గోడలు సాగి, అతుకు దగ్గర వదులవుతాయి. వేరే రకం కలిపి చేసిన సంచులు అంత త్వరగా కరగవు గానీ వేడికి బలం తగ్గి ముడి జారుతుంది. పైగా కంపోస్టబుల్ అంటే పెద్ద కంపోస్టు ప్లాంటులోని వేడిలో కుళ్లేదని అర్థం, మురిక్కాలవలో పడితే మామూలు కవరులాగే అడ్డుపడుతుంది. చట్నీ లాంటి చల్లటి వాటికి వాడదలిస్తే కవరు మీద కంపోస్టబుల్ అనే ముద్ర, తయారీదారు పేరు, కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం నంబరు చూడాలి. ‘ఆక్సో’ అని రాసున్నది ముక్కలుగా రాలే ప్లాస్టిక్ మాత్రమే.

అల్యూమినియం డబ్బా వేడికి ఆగుతుంది, కానీ చింతపండు, ఉప్పు కలిసిన సాంబారు దాన్ని కొరుకుతుంది. చెరకు పిప్పి గిన్నెలు పొడి కూరలకు, పులిహోరకు, పొంగలికి బాగా పనికొస్తాయి. సాంబారుకు మాత్రం వాటి మూత నీళ్లు ఆగేంత బిగుతుగా ఉండదు, అరగంటలో అడుగు మెత్తబడి చేతికి తడి తగులుతుంది. కాబట్టి నాలుగింటిలో తక్కువ చెడ్డది పేపర్ టబ్బు.

కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఐదు టబ్బులు తీసి ఇలా చూడాలి. మరిగిన నీళ్లు పోసి, మూత పెట్టి, పాత పేపరు మీద గంటసేపు ఉంచాలి. అడుగు, గోడ కలిసే చోట ఉండే మడత అతుకే ముందు లీకవుతుంది. పేపరు మీద గుండ్రటి తడి గీత పడితే ఆ అతుకు వదిలిందని అర్థం. తరవాత టబ్బును పక్కకు వంచి పది సెకన్లు పట్టుకోవాలి, మూత అంచు నుంచి చుక్కలు పడొచ్చు గానీ ధార రాకూడదు. ఐదింటిలో రెండు ఫెయిలైతే కార్టన్ వెనక్కి పంపాల్సిందే. రద్దీలో కస్టమర్ షర్టు మీద తెలిసేకన్నా ఇది నయం.

మూతలు లేచిపోవడం ఇంకో మామూలు ఫిర్యాదు. కారణం టబ్బు నాణ్యత కాకపోవచ్చు. వేడి సాంబారు పోసిన వెంటనే బిగిస్తే లోపలున్న గాలి వేడెక్కి వ్యాకోచించి మూతను నెడుతుంది. పోసి, మూత ఆనించి, పది పదిహేను సెకన్లు ఆగి, ఒక మూల కొంచెం ఎత్తి గాలి వదిలి, చుట్టూ బొటనవేలితో నొక్కాలి. ఆ పది సెకన్లలో ఇడ్లీ పొట్లం కట్టుకోవచ్చు, కాబట్టి టైము పోదు.

ఇడ్లీకి ఆకు, దోసెకు కాదు

ఇడ్లీకి ఆవిరి లోపలే ఉండాలి, లేకపోతే పైపొర ఎండి గట్టిపడుతుంది. అరటాకు ఆ పనే చేస్తుంది. ఆకు పైన సహజంగా ఉండే మైనం వల్ల ఇడ్లీ అంటుకోదు, తేమా బయటికి పోదు. పచ్చి ఆకును మడిస్తే మాత్రం ఈనె వెంట చీలుతుంది. అందుకని ముందు మధ్య ఈనెను కత్తితో తీసేసి, ముక్కలు కోసి, తడిగుడ్డతో రెండు వైపులా తుడిచి, బర్నర్ మంట మీద రెండు మూడు సెకన్లు అటూ ఇటూ ఆడించాలి. రంగు ముదిరి, ఆకు మెరిసి, గుడ్డలా వాలిపోతే వాడినట్టు. ఇంకొంచెం ఉంచితే అంచులు నల్లబడి పెళుసెక్కుతాయి. వాడ్చిన ఆకుల్ని వేడి మీద దొంతర పెడితే కింద ఉన్నవి కమిలిపోతాయి, విడివిడిగా పరిచి ఆరనిచ్చాక పేర్చాలి. ఈ పని పార్శిల్ కౌంటర్ తెరవకముందే అయిపోవాలి. మంచి ఆకు ఒకదానికి సుమారు ఆరు ముక్కలొస్తాయి, పన్నెండు అంగుళాల పొడవు ముక్క నాలుగు ఇడ్లీలకు చాలు.

ఆకు పొట్లం మీద కాగితం చుట్టాలి. ఒట్టి ఆకు సంచిలో తడి వదిలి, పేపర్ సంచి అడుగు నాననిచ్చి తెగ్గొడుతుంది. పేపర్ సంచి తెగిన కేసుల్లో బరువు కన్నా ఈ తడే ఎక్కువ దోషి. 60–80 జీఎస్ఎం గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం చుట్టి పురికొసతో కట్టాలి. స్టేప్లర్ పిన్ను వద్దే వద్దు, అది ఊడి ఇడ్లీలో చేరిందంటే కథ మారిపోతుంది. పాత న్యూస్‌పేపర్ కూడా కుదరదు, అచ్చయిన కాగితంలో తినేవి చుట్టకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్యాకేజింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ‘బటర్ పేపర్’ పేరుతో ప్లాస్టిక్ పూత కాగితం అంటగట్టేవాళ్లున్నారు. చింపి చూడండి: అంచున సన్నటి పొర సాగి తర్వాత తెగితే అది పూతే. మూల కాల్చితే కరిగి చుక్కలు పడుతుంది.

రెండు ప్లేట్లను ఎనిమిది ఇడ్లీల ఒకే పొట్లంగా కడితే ఇక్కడా అదే లాభం. ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి, కాగితం సగం తగ్గుతుంది. ఎనిమిదికి మించి కడితే అడుగున ఉన్నవి అణిగిపోతాయి.

దోసెను ఈ ఆకులో చుడితే మాత్రం ఇంటికెళ్లేసరికి తడి చపాతీ అవుతుంది. దోసె వేడిగా ఉండాలా, కరకరలాడాలా అంటే రెండూ సాధ్యం కాదు. తీగ జాలీ మీద ఒక నిమిషం ఆవిరి పోనిచ్చి, పొడి కాగితంలో రెండు చివర్లూ తెరిచి చుట్టడం ఒక్కటే మార్గం. వడకూ అంతే.

చట్నీ చిన్న విషయంలా కనిపించి పెద్ద ఖర్చు పెడుతుంది. మూత కప్పు ఒక్కోటి రెండు రూపాయలు. పార్శిల్ చట్నీని నీళ్లు తగ్గించి గట్టిగా ఉంచి, అరటాకు ముక్కలో పొట్లం కట్టి, పైన కాగితం చుడితే బిల్లుకు ఒక రూపాయిలో అయిపోతుంది. కలుపుకునే నీళ్లు ఇంట్లో ఉంటాయి. కొబ్బరి చట్నీని సాంబారు టబ్బుకు ఆనించి పెట్టకూడదు, వేడికి త్వరగా పులుస్తుంది. సంచిలో అడుగున టబ్బు, దాని మీద అట్టముక్క, ఆపై ఇడ్లీ, పక్కన చట్నీ.

శ్రావణం, కార్తీకంలో పూజలు, పెళ్లిళ్లు రాగానే అరటాకు రేటు ఎగురుతుంది, గాలివాన వస్తే ఆకంతా చీలికలే. ఆ వారాలకు అడ్డాకు విస్తళ్లు కొని ఉంచాలి. ఏజెన్సీ గిరిజనులు ఏరి, ఎండబెట్టి కుట్టే ఈ ఆకులు నెలలు నిలవుంటాయి. పొట్లంగా చుట్టడానికి కాస్త బిరుసు కాబట్టి ముందు తడిగుడ్డ కింద కొంతసేపు ఉంచితే విరగవు. పుల్లలతో కుట్టిన చోట సందులుంటాయి, అందుకని పొడి ఇడ్లీకే, చట్నీకి వద్దు.

స్టీలు డబ్బా: లెక్క తప్పేది ఎక్కడ

కాలనీ సెంటర్‌కు పెద్ద బలం, రోజూ వచ్చేవాళ్లు. క్యారేజీ తెచ్చుకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, కవరు వచ్చి వాళ్లను బద్ధకస్తుల్ని చేసింది. కౌంటర్‌లో ముందడగాల్సిన మాట ‘గిన్నె తెచ్చారా అండీ?’ అని. తేకపోతే డిపాజిట్ డబ్బా చూపించాలి. నమూనాలో 120 బిల్లుల్లో 45 ఇలా గిన్నెలోకో డబ్బాలోకో పోతాయని పట్టుకున్నాం.

డిపాజిట్ మీద ఇచ్చేవి రోజుకు 30 డబ్బాలనుకుందాం. జనం ‘రేపు తెస్తానమ్మా’ అంటారు గానీ సగటున రెండున్నర రోజులు పడుతుంది. అంటే ఎప్పుడూ 75 డబ్బాలు ఊళ్లో తిరుగుతుంటాయి. ఇవాళ ఇవ్వడానికి 30, కడిగి ఆరబెట్టేవి, సొట్టపోయినవి కలిపి మరో 15. మొత్తం 120 కొనాలి. చాలామంది ‘రోజుకు 30 కదా’ అని 40 కొని, రెండో రోజుకే ఖాళీ అయి, పథకం పనికిరాదని వదిలేస్తారు. డబ్బా 80 రూపాయలైతే 9,600. డిపాజిట్ 100 పెడితే పోయిన డబ్బాతో నష్టం ఉండదు. 80 రూపాయల డబ్బాకు 50 డిపాజిట్ పెట్టిన చోట మంచి స్టీలు డబ్బా 50కి అమ్మినట్టే. వచ్చిన డిపాజిట్‌ను గల్లాపెట్టెలో కలపొద్దు, అది తిరిగి ఇవ్వాల్సిన అప్పు. వేరే డబ్బాలో ఉంచి, వారానికోసారి డబ్బు, డబ్బాలు రెండూ లెక్కపెట్టాలి. ఊళ్లో ఉన్న డబ్బాల సంఖ్యను వందతో గుణిస్తే ఆ పెట్టెలో ఉండాల్సిన మొత్తం.

స్టీలు వేడిని తాగుతుంది. 120 గ్రాముల చల్లటి డబ్బాలో 85 డిగ్రీల సాంబారు 200 మిల్లీలీటర్లు పోయగానే దాదాపు నాలుగు డిగ్రీలు డబ్బాకే పోతాయి. పోసేముందు డబ్బాను వేడినీళ్లలో ముంచి తీస్తే ఆ నష్టం ఒక డిగ్రీకి తగ్గుతుంది. సాంబారు తొట్టి పక్కనే వేడినీళ్ల గిన్నె ఉంటుంది కాబట్టి ఇది చేతి దూరంలో పని. రబ్బరు వాషర్ ఉన్న బిగుతు మూతలో ఆవిరి చల్లారి లోపల ఒత్తిడి పడిపోతుంది, ఇంట్లో మూత రాదు. ‘మూత పట్టేసిందండీ’ అనేవాళ్లకు మూత చుట్టూ గోరువెచ్చటి నీళ్లు పోయమని చెప్పాలి, చెంచాతో పెకిలిస్తే అంచు వంగి తరవాత లీకవుతుంది.

కడగడంలో వాషరే ముఖ్యం. ఇంగువ, చింతపండు వాసన అందులో దాక్కుంటుంది, కొన్నాళ్లకు జిడ్డు చేరి నల్లటి గీత పడుతుంది. ప్రతిసారీ వాషర్ విప్పి విడిగా సబ్బుతో తోమి, డబ్బాతో పాటు 80 డిగ్రీల నీళ్లలో నిమిషం ముంచి, జాలీ మీద బోర్లించి ఆరబెట్టాలి. గుడ్డతో తుడిస్తే గుడ్డలోని మురికి మళ్లీ దానికే. మనిషి కూలి, సబ్బు, గ్యాస్ కలిపి డబ్బాకు ఒకటిన్నర రూపాయి పట్టుకోవచ్చు.

ఖర్చు ఎక్కడికి తేలింది

పాత పద్ధతిలో ప్లేటుకు పూతకాగితం 1 రూపాయి, రెండు కవర్లు 60 పైసలు, బిల్లుకు చేతిసంచి ఒక రూపాయి. 260 ప్లేట్లకు 416, సంచులకు 120, రోజుకు 536. ప్లేటుకు 2 రూపాయల పైచిలుకు.

అలవాట్లు మార్చకుండా సరుకు మాత్రమే మారిస్తే ఇలా ఉంటుంది. ఆకు, కాగితం, పురికొస ప్లేటుకు 2.40 చొప్పున 624. ప్లేటుకో 4 రూపాయల టబ్బు, 1,040. ప్లేటుకో చట్నీ కప్పు, 520. పేపర్ సంచులు 120కి మూడేసి చొప్పున 360. మొత్తం 2,544, ప్లేటుకు దాదాపు 9.80. చాలామంది ఈ అంకె దగ్గర ఆగి, వెనక్కి తిరిగిపోతారు.

పైన చెప్పినవన్నీ చేస్తే లెక్క వేరు. ఒక్క ప్లేటు పొట్లాలు 40కి 96 రూపాయలు, ఎనిమిది ఇడ్లీల పొట్లాలు 110కి 3.20 చొప్పున 352. చట్నీ పొట్లాలు 120. గిన్నె, డబ్బా బిల్లులు 45కి కడుగుడు ఖర్చు 67 (సొంత గిన్నెకు అదీ లేదు). మిగిలిన 75 బిల్లుల్లో చిన్న టబ్బులు 30కి 120, పెద్దవి 45కి 360. సంచులు 70కి 210. మొత్తం 1,325, ప్లేటుకు 5.10. పాతదాని మీద రోజుకు 789 ఎక్కువ.

ఆ 789ని ఇడ్లీ రేటులో కలిపేస్తే గిన్నె తెచ్చినవాడూ టబ్బు ఖర్చు మోస్తాడు, రేపటినుంచి తేవడం మానేస్తాడు. టబ్బులో తీసుకున్న బిల్లుకు ప్యాకింగ్ పది రూపాయలు, గిన్నె తెస్తే ఏమీ లేదు అని బిల్లులో విడిగా చూపిస్తే 75 బిల్లుల మీద 750 వస్తుంది. గిన్నెలు తెచ్చేవాళ్లు పెరిగినకొద్దీ ఆ వసూలు తగ్గుతుంది, దాన్ని మించి టబ్బులు, సంచుల ఖర్చు తగ్గదు కాబట్టి మూడు నెలలకోసారి లెక్క తిరగేయాలి. ఒక్క ప్లేటు తీసుకునేవాడికి పది రూపాయలు భారమనిపిస్తే వాళ్లకు ఐదు, పెద్ద టబ్బుకు పన్నెండు పెట్టుకోవచ్చు. మొత్తం 690కి తగ్గుతుంది, మిగతా వంద రూపాయలు కొలత గరిటె మిగిల్చే సాంబారులోంచి రావాలి.

ఈ పద్ధతి ఆగిపోయేది యాప్ ఆర్డర్ల దగ్గర. అక్కడ గిన్నె అడగలేం, డబ్బా తిరిగిరాదు, దారి అరగంట దాటుతుంది, బండి మీద గాలికి వేడి ఇంకా త్వరగా పోతుంది. వాటికి పెద్ద టబ్బు, మూత అంచు చుట్టూ కాగితపు టేపు, టబ్బు మీదుగా రెండు పొరల క్రాఫ్ట్ కాగితం చుట్టి ఇస్తున్నవాళ్లున్నారు. ఆ రెండు పొరల మధ్య చిక్కిన గాలి మరో ఐదారు డిగ్రీలు కాపాడుతుంది, సంచి నోరు మడిచి అతికిస్తేనే. ఒక్క ప్లేటు యాప్ ఆర్డర్‌లో సాంబారు 60 పైన చేర్చడం మాత్రం ఈ సామానుతో అయ్యే పని కాదు. ఆ ఆర్డర్లకు సాంబారు లేకుండా కారప్పొడి, నెయ్యి ఇడ్లీ మెనూలో పెట్టడమే తెలివైన పని.